మావయ్యా, ఇది మీకొక్కరికే

మావయ్యా, నమస్కారం. అత్తయ్య మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయా?

ఒక విషయం చెప్పాలని రాస్తున్నాను. గ్రూపులో రాయలేదు, రాయను కూడా. అమ్మకి సైతం చెప్పలేదు. తీరిక చూసుకుని చదవండి.

గ్రూపులో మీరు ఫార్వర్డ్ చేసే ఆరోగ్యం మెసేజీలు, రాజకీయాల వీడియోలు కొన్ని నిజం కావు మావయ్యా. మనవాళ్లకి పనికొస్తాయని, ఎవరూ మోసపోకూడదని పంపుతున్నారని నాకు తెలుసు. కానీ మీరు పంపితే మన ఇంట్లో ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు. నా భయమంతా అక్కడే.

మెంతుల నీళ్లు నలభై రోజులు తాగితే షుగర్ మాత్రలు అక్కర్లేదని ఒకటి వచ్చింది కదా. అది చదివి చిన్నపిన్ని మాత్రలు ఆపేసింది. కళ్లు తిరుగుతున్నాయంటే టెస్ట్ చేయించాం, పరగడుపునే 280 ఉంది. ఎందుకు ఆపావని అడిగితే, "అన్నయ్య పంపాడు కదే, వాడు చదవకుండా పంపడు" అంది. మీరు బాధపడతారని మీతో అనలేదు. ఇప్పుడు మాత్రలు మళ్లీ వేసుకుంటోంది, బాగానే ఉంది, కంగారు పడకండి.

పక్షవాతం వస్తే వేళ్ల చివర సూదితో గుచ్చి రక్తం తియ్యాలన్న మెసేజ్ ఇంకా ప్రమాదం. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. పర్లాకిమిడి నుంచి బరంపురమైనా, శ్రీకాకుళమైనా, పెద్దాసుపత్రికి చేరేసరికే ఎంత టైము పోతుందో మీకు నేను చెప్పాలా? మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. సూది వెతుక్కుంటూ కూర్చోకూడదు.

ఇక కొటియా వీడియో. ఒడియావాళ్లు తెలుగువాళ్ల ఇళ్ల మీద పడుతున్నారని దాని కింద రాశారు. ఆపి ఆపి చూశాను. వెనకాల కొట్ల మీద బోర్డులు తెలుగులోనూ లేవు, ఒడియాలోనూ లేవు. ఎక్కడిదో తీసి కొటియా పేరు తగిలించారు. ఆ ఊళ్లు ఆంధ్రావా, ఒడిశావా అన్న తగాదా 1968లోనే సుప్రీంకోర్టుకెక్కింది, నిజమే. కానీ దాన్ని పట్టుకుని ఎవరో రాజకీయం చేస్తుంటే మనమెందుకు మొయ్యాలి? మన గ్రూపులో సస్మిత వదిన ఉంది. తెలుగు చదవలేదు గానీ వీడియో చూస్తే అర్థమవుతుంది కదా. తను నాతో ఒక్క మాట అనలేదు, నా అంతట నాకే మనసు చివుక్కుమంది. మీ స్నేహితుల్లో సగంమంది ఒడియావాళ్లే, వాళ్ల పిల్లలకి మీరు లెక్కలు చెప్పారు. మీరు ఆ ఉద్దేశంతో పంపలేదని నాకు తెలుసు.

2018లో తిత్లీ తుపానప్పుడు నేను విశాఖలో ఉండి ఎంత టెన్షన్ పడ్డానో! ఊరు కొట్టుకుపోయిందని ఎవరెవరో ఏవేవో చెప్పారు. మీరు మాత్రం బస్టాండుకి వెళ్లి డ్రైవర్లని అడిగి, ఏ రోడ్డు తెగిందో, ఏ దారి తెరిచారో కనుక్కుని, సిగ్నల్ దొరికినప్పుడల్లా ఫోన్ చేశారు. తెలియనిది తెలియదనే అన్నారు. వాట్సాప్‌లో వచ్చినవాటిని కూడా అలాగే కనుక్కున్నాకే పంపండి మావయ్యా. అంతే నేను అడిగేది.

పైన రెండు బాణాల గుర్తుంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. మందులు, జబ్బులు, కులం, మతం, ఎన్నికల మీద అలాంటివి వస్తే గ్రూపులో పెట్టకుండా ముందు నాకు పంపండి. సాయంత్రంలోగా చూసి చెబుతాను. నేను ఆఫీసులో ఉన్నా ఇబ్బందేం లేదు. కేంద్ర ప్రభుత్వం పేరుతో వచ్చేవైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాట్సాప్ నంబరు 8799711259కి పంపినా వాళ్లు చూస్తారు.

పాతవాటికి ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. మీకు సరేననిపిస్తే ఈ రెండు ముక్కలు మీ మాటగా గ్రూపులో పెట్టండి: "షుగర్, బీపీ మాత్రలు డాక్టర్ని అడగకుండా ఎవరూ ఆపకండి. పక్షవాతం లక్షణాలు కనిపిస్తే ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి." మీరు చెబితే పిన్ని కూడా వింటుంది. నేను చెబితే వినట్లేదు.

మీరు గ్రూపులో రాయడం మాత్రం మానకండి. రథయాత్ర ఫొటోల కింద మీరు రాసిన పాత సంగతులు మా పిల్లలకి చదివి వినిపించాను, ఇంకా చెప్పమంటున్నారు.

చిన్నదాన్ని, ఎక్కడైనా మాట తూలి ఉంటే ఏమీ అనుకోకండి. ఆదివారం పొద్దున్న ఫోన్ చేస్తాను. మీ వాకింగ్ అయ్యాక తొమ్మిదికి చెయ్యనా?

మీ మేనకోడలు,
లలిత