నల్లపాటి వారి వంశవృక్షం: తండ్రి వైపు పట్టిక

వరసలన్నీ శ్రీలతకు ఏమవుతారో చూసి రాసినవి. కోడళ్లకు పుట్టింటి ఊరు రాశాం.

| పేరు | వరస | పుట్టిన సంవత్సరం | సొంతూరు |
|---|---|---|---|
| వెంకట సుబ్బయ్య | ముత్తాత | సుమారు 1898 | రేపల్లె |
| మహాలక్ష్మమ్మ | ముత్తవ్వ | తెలియదు | బాపట్ల |
| రామకోటయ్య | తాతయ్య | 1924 | రేపల్లె |
| అన్నపూర్ణమ్మ | నాయనమ్మ | 1931 | పొన్నూరు |
| కోటేశ్వరరావు | పెదనాన్న | 1948 | రేపల్లె |
| సుబ్బారావు | నాన్న | 1952 | తెనాలి |
| విజయలక్ష్మి | అమ్మ | 1958 | మచిలీపట్నం |
| సరోజిని | మేనత్త | 1956 | తెనాలి |
| శ్రీలత | తాను | 1984 | తెనాలి |
| రవికిరణ్ | తమ్ముడు | 1987 | తెనాలి |

ముత్తాతది 1938 నాటి దస్తావేజులో రాసిన వయసును బట్టి వేసిన లెక్క. నాయనమ్మకు రేషన్ కార్డులో 1935 అని ఉంది, కానీ పెదనాన్న 1948లోనే పుట్టాడు కాబట్టి అది నమ్మేలా లేదు. మేనత్త చెప్పిన ఏడాదే ఉంచాం. తాతయ్య 1950లో తెనాలికి మారారు, అందుకే ఆయన పిల్లల్లో పెదనాన్న ఒక్కరిదే రేపల్లె.