అమ్మ చెప్పే కథ

మా ఇంటికి ఎవరొచ్చినా కాఫీ గ్లాసులు కింద పెట్టేలోపు అమ్మ ఒక కథ చెబుతుంది. "మావోడికి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. స్టేషన్ మాస్టరు. నన్ను ఒంటరిగా వదిలి పోలేక వద్దన్నాడు." వచ్చినవాళ్లు నా వంక మెచ్చుకోలుగా చూస్తారు. నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

ఆ కథను మొదట చెప్పింది నేనే. అది అబద్ధం.

2002లో నాకు ఇరవై నాలుగేళ్లు. నాన్న పోయి ఏడాది అయింది. అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ పరీక్ష పాసయ్యాను, మెడికల్‌ కూడా గట్టెక్కాను. ఆ ఉద్యోగానికి రంగులు గుర్తుపట్టే పరీక్ష గట్టిగా పెడతారు. ఎరుపు, పచ్చ తేడా తెలియనివాణ్ని స్టేషన్లో కూర్చోబెట్టరు కదా. మౌలాలిలో ట్రైనింగ్‌కి రమ్మని కాగితం వచ్చింది. అమ్మ దాన్ని దేవుడి పటం ముందు పెట్టి కొబ్బరికాయ కొట్టింది.

ట్రైనింగ్‌కి వెళ్లేలోపు పని ఎట్టా ఉంటుందో చూసి రమ్మని మా బాబాయి నన్ను తనకు తెలిసిన ఒక స్టేషన్ మాస్టరు దగ్గరికి పంపాడు. గుంటూరు–నంద్యాల లైన్లో ఓ చిన్న స్టేషను. అప్పుడది ఒంటి లైను. ఒక రాత్రంతా ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

ఒంటి లైన్లో రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒక్క బండే ఉండాలి. మనం బండిని పంపాలంటే అవతలి స్టేషన్ మాస్టరు సరేనని లైన్ క్లియర్ ఇవ్వాలి. ఫోన్లో మాట అనుకుంటే సరిపోదు, ఒక ప్రైవేట్ నంబర్ చెప్పాలి, దాన్ని ఇవతలాయన రిజిస్టర్లో రాసుకోవాలి. ఆ నంబర్ ఇచ్చాడంటే ఆ మాటకు అవతలాయన పూచీ. నాకు అదంతా భలే నచ్చింది. ఎక్కడో చీకట్లో ఉన్న, ముఖం కూడా చూడని మనిషి, "రావచ్చు" అంటే ఇక్కణ్నుంచి వెయ్యి మంది కదులుతారు!

రాత్రి రెండు దాటాక ఒక గూడ్స్ వచ్చి, మెయిన్ లైన్ పక్కనుండే లూప్ లైన్లో ఆగింది. వెనక ఎక్స్‌ప్రెస్ వస్తోంది, దానికి దారివ్వాలి. మాస్టరుగారు లేచి కూజాలో నీళ్లతో ముఖం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అన్నారు: "లూప్‌లో గూడ్స్ ఉంది, లూప్‌లో గూడ్స్ ఉంది అని లోపల జపం లాగా అనుకుంటా ఉండాలయ్యా. మర్చిపోయినామా, ఇంకేముంది." నవ్వుతూనే అన్నారు. తప్పు జరక్కుండా ఇంటర్‌లాకింగ్ ఉందని కూడా చెప్పారు. కానీ నా చెవికి ఆ సగం ఎక్కలేదు.

నాకు పశ్చిమ బెంగాల్లోని గైసల్ గుర్తొచ్చింది. 1999 ఆగస్టు 2 తెల్లవారుజామున ఆ స్టేషన్ దగ్గర రెండు రైళ్లు ఒకే పట్టాల మీద ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. 280 మందికి పైగా పోయారు. అప్పుడు నేను ఈ పరీక్షలకే చదువుకుంటున్నాను, జనరల్ నాలెడ్జ్ కోసమని ఆ వార్త కత్తిరించి నోట్‌బుక్కులో అంటించుకున్నాను. ఆ రాత్రి ఎక్స్‌ప్రెస్ ప్లాట్‌ఫారం పక్కనుంచి దూసుకుపోతుంటే, కిటికీల్లో నిద్రపోతున్న తలలు వరసగా కనబడుతుంటే, నా కాళ్లు వణికాయి. మాస్టరుగారు పచ్చ లైటు ఊపి, లోపలికొచ్చి, టైము రాసుకుని, మిగిలిన టీ తాగారు.

తెల్లారి బస్సెక్కి మా ఊరు కంభం వచ్చేశాను. వారం రోజులు జ్వరం అన్నాను. గడువు పొడిగించమని ఒక ఉత్తరం రాశాను, తర్వాత అది కూడా వదిలేశాను. ఎందుకు పోవట్లేదురా అని బాబాయి నిలదీస్తే, భయమేసిందని చెప్పడానికి నోరు రాలేదు. అమ్మ అప్పుడే బీపీ మాత్రలు మొదలుపెట్టింది. "అమ్మ ఒక్కతే అయిపోతుంది బాబాయ్" అన్నాను. బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. అబద్ధం అంత తేలిగ్గా చెల్లుతుందని నేనూ అనుకోలేదు.

2005లో టీచరునయ్యాను. ఈ ఉద్యోగం నాకు ఇష్టమే, అందులో మాట లేదు. కానీ స్టాఫ్‌రూంలో పెన్షన్ మాట వచ్చినప్పుడల్లా కడుపులో కెలికినట్టుంటుంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి రాష్ట్ర ప్రభుత్వంలో చేరినవాళ్లమంతా పాత పెన్షన్ లేని సీపీఎస్ కింద ఉన్నాం. రైల్వేలో 2004 జనవరి 1కి ముందు చేరినవాళ్లకు పాత పెన్షన్. 2002లో నేను సూట్‌కేసు పట్టుకుని మౌలాలి వెళ్లి ఉంటే... ఈ లెక్క ఎన్నిసార్లు వేశానో. నాతో పాటు సెలెక్టయినవాడు ఇప్పుడు పెద్ద స్టేషన్లో సూపరింటెండెంటు. పండగలన్నీ డ్యూటీలోనే గడిచాయని, కూతురు పుట్టినప్పుడు కూడా పక్కన లేనని వాడు ఫోన్లో వాపోతాడు. వింటూ ఊఁ కొడతానే గానీ, నిజం చెప్పాలంటే, ఆ నైట్ డ్యూటీల మీద కూడా నాకు అసూయే.

అసలు బాధ డబ్బు దగ్గర లేదు. బడికి వెళ్లే దారిలో ఒక రైల్వే గేటు ఉంది. గేటు పడితే అందరూ విసుక్కుంటారు, నేను మాత్రం స్కూటర్ స్టాండు వేసి నిలబడతాను. బండి వెళ్తుంటే గేట్‌మ్యాన్ పచ్చ జెండా పడతాడు, చివరి పెట్టెలోంచి గార్డు బదులుగా తన జెండా చూపిస్తాడు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ అయితే నాకు కూత బట్టే తెలిసిపోతుంది. ఆ రెండు జెండాల మధ్య ఉన్న నమ్మకంలో నాకూ ఒక చోటు ఇస్తామన్నారు ఒకప్పుడు.

2023 జూన్ 2 సాయంత్రం బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్ వదిలి లూప్‌లోకి వెళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్స్‌ను గుద్దింది. టీవీ ముందు నేను గడ్డకట్టుకుపోయాను. మొదట కలిగింది ఊరట. నేను వద్దనుకున్నది మంచిదే అయిందని. మరుక్షణం నా మీద నాకే రోత పుట్టింది. సిగ్నల్ సర్క్యూట్ల పనిలో జరిగిన తప్పే కారణమని తర్వాత విచారణలో తేలింది. అది చదివాక కూడా నిద్ర పట్టలేదు. ఇరవై ఏళ్లుగా ప్రతి రాత్రీ వేల మంది ఆ ఫోన్లు ఎత్తారు, నంబర్లు రాసుకున్నారు, ముఖాలు కడుక్కున్నారు. బండ్లు క్షేమంగానే వెళ్లాయి. నేను ఒక్క రాత్రి చూసి పారిపోయాను.

మొన్న వేసవి సెలవుల్లో అమ్మకు చెప్పేశాను. వరండాలో చింతపండు పిక్క తీస్తోంది.

"అమ్మా, నేను రైల్వేకి పోనిది నీ కోసం కాదు. భయపడ్డా."

"ఏందిరా?"

మళ్లీ చెప్పాను. గూడ్సు, కూజా నీళ్లు, కాళ్లు వణకడం, అన్నీ. ఆమె పిక్కలు తీయడం ఆపలేదు. మొత్తం విని, "ఇప్పుడెందుకురా, అట్టాంటి మాటలు చెప్పబాకు" అంది. "నీ పెన్షన్ పోయింది నా వల్లేనని నేను బాధపడతన్నానని, అందుకు చెప్తన్నావు. నాకు తెలీదా ఏంది నీ సంగతి."

"కాదమ్మా, నిజంగానే..."

"ఊరుకోరా."

నాన్న పోయాక తన కొడుకు తన కోసం ఆగాడన్నది ఆమె దగ్గరున్న ఆస్తి. అది నేను పెట్టిందే. తిరిగి ఇమ్మంటే ఎట్టా ఇస్తుంది?

ఆదివారం నా భార్య తరఫు వాళ్లు వచ్చారు. కాఫీలయ్యాయి. అమ్మ పమిట సర్దుకుని కుర్చీలో ముందుకు జరిగింది. "మావోడికి అప్పట్లో రైల్వేలో ఉద్యోగం వచ్చింది..." అంది, నా వంకే చూస్తూ.

నేను తల దించుకున్నాను.