వేరే ఇల్లు తీసుకోనా: నైన్ ఆఫ్ పెంటకిల్స్ ఇచ్చిన జవాబు

నమస్తే అండీ. విడాకుల తర్వాత ఏడేళ్లుగా అన్నయ్యగారింట్లో ఉంటున్నారు. బొటిక్‌లో జీతం 18,000. వేరే ఇల్లు తీసుకుని సొంతంగా బతకగలనా అని అడిగారు. మూడు టారో కార్డులు తీశాను, మూడూ పెంటకిల్స్ అంటే నాణేల గుర్తువే. ఇప్పటిదాకా ఉన్న స్థితికి సిక్స్ ఆఫ్ పెంటకిల్స్, అసలు జవాబుగా నైన్, చేయాల్సిన పనికి ఎయిట్ వచ్చాయి. మూడూ తలకిందులు కాకుండా నిటారుగానే పడ్డాయి.

సిక్స్‌లో వర్తకుడు ఒక చేత తక్కెడ పట్టుకుని, మరో చేత నాణేలు పంచుతుంటాడు. తీసుకునేవాళ్లు మోకాళ్ల మీద ఉంటారు. మీ అన్నయ్యగారి మనసు మంచిదే కావచ్చు. కానీ ఎంత, ఎప్పుడు అన్నది మాత్రం ఇన్నాళ్లూ ఆయన తూకమే.

ఇక నైన్. 1909లో వచ్చిన రైడర్ వెయిట్ టారో డెక్‌లో ఈ బొమ్మ వేసింది పమేలా కోల్మన్ స్మిత్. కాపుకొచ్చిన ద్రాక్షతోటలో ఒక స్త్రీ ఒంటరిగా నిలబడి ఉంటుంది, ముఖంలో దిగులు ఉండదు. చాలామంది ఈ కార్డు చూడగానే డబ్బు కలిసొస్తుందని చెప్పేస్తారు. అది సగం చదవడమే. ఎడమచేతి తొడుగు మీద కళ్లకు ముసుగు వేసిన డేగ ఉంది చూడండి. వేటాడే పక్షిని మచ్చిక చేయడానికి చాలా ఓపిక కావాలి. మీ విషయంలో ఆ డేగ, ఇవాళే బయటికి వెళ్లిపోవాలన్న ఆవేశం. దాన్ని చంపుకోనక్కర్లేదు, లెక్క కుదిరేదాకా ముసుగు తీయకుండా ఉంచండి. కింద నేలమీద ఒక నత్త కూడా ఉంది. తన ఇల్లు తనే మోస్తుంది, నెమ్మదిగానే కదులుతుంది.

నైన్‌లోని స్త్రీ కుడిచెయ్యి నాణెం మీద ఆనించి ఉంది, అంటే తన సొమ్ము తన చేతిలోనే ఉంది. మీ నగలు వదినగారి లాకర్‌లో ఉన్నాయన్నారు, బ్యాంకు మెసేజ్‌లు అన్నయ్యగారి ఫోన్‌కు వెళ్తున్నాయన్నారు. ముందు ఈ రెండూ మార్చుకోండి. నగలకు బరువుతో సహా జాబితా రాసుకుని, మీ పేరున లాకర్ తీసుకోండి. ఖాతాకు మీ నంబరే ఇవ్వండి. గొడవగా కాదు, పండక్కి వేసుకోవాలని అడిగి తెచ్చుకున్నా సరిపోతుంది.

ఎయిట్‌లో పనివాడు ఒక్కో నాణేన్నీ ఉలితో చెక్కుతుంటాడు. కాబట్టి అంకెల్లోకి వద్దాం. అద్దె 6,500తో కలిపి నెలకు 14,500 అవుతుందన్నారు. వెళ్లేముందు చేతిలో ఉండాల్సింది ఆరు నెలల ఖర్చు 87,000, రెండు నెలల అడ్వాన్సు 13,000, వెరసి లక్ష. చేతిలో 40,000 ఉంది. అన్నయ్యగారింట్లోనే ఉంటూ నెలకు 10,000 పక్కన పెడితే ఆరు నెలలకు మిగతా 60,000 పోగవుతుంది. అయితే అద్దె ఇంట్లోకి వెళ్లాక నెలకు మిగిలేది 3,500 మాత్రమే. ఈ ఆరు నెలల్లోనే బ్లౌజుల పని బయట నుంచి కూడా తెచ్చుకోవడం మొదలుపెట్టండి. ఎయిట్ ముఖ్యంగా చెప్పేది ఇదే.

కార్డుల్లో తేదీలు ఉండవు, ఆరు నెలలన్నది మీ లెక్క నుంచి వచ్చింది. ఇదే ప్రశ్నకు వారం వారం మళ్లీ కార్డులు తీయించుకోవద్దు. జీతం గానీ అద్దె గానీ మారితే అప్పుడు కొత్త అంకెలతో రండి.