పెన్సిల్ గీత ఆగిన చోట

రైలెక్కినప్పటి నుంచీ ఆయన చేతిలో పుస్తకం ఉంది కానీ చదవడం లేదు. ఒళ్లో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. డెబ్బై దాటి ఉంటాయి. ఎదురుగా నేను. రేపు తెల్లవారే దాకా దిగే పని లేదు ఇద్దరికీ.

మధ్యాహ్నం దాటాక అడిగారు. "అమ్మా, ఏమీ అనుకోకపోతే ఆ కొండల పుస్తకం కాసేపు ఇస్తావా? బదులు నాది తీసుకో."

నాది ఎవరెస్ట్ ఎక్కబోయినవాళ్ల చరిత్ర. పుస్తకం ఇంకొకరికి ఇవ్వడం నాకు నచ్చదు. గీతలు గీసుకునే అలవాటు నాది, అవి ఎవరైనా చూస్తే డైరీ చూసినట్టే ఉంటుంది. కాదనేదాన్నే. కానీ ఆయన తన పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని అందిస్తున్నారు. తీసుకున్నాను.

దాని అసలు అట్ట ఎప్పుడో ఊడిపోయింది. దళసరి అట్ట వేసి, వెన్నుకి గుడ్డముక్క అతికించి, కొత్త దారంతో మళ్లీ కుట్టారు. కుట్టు చాలా శ్రద్ధగా ఉంది. పేరున్న పేజీ లేదు. లోపల నవల. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ పడవలో బయల్దేరిన ఒక మనిషి కథ. మొదటి పేజీకే అందులో పడిపోయాను.

మొదటి అధ్యాయం చివర మార్జిన్‌లో పెన్సిల్‌తో చిన్న అడ్డగీత ఉంది. మళ్లీ ఇరవై పేజీల తర్వాత ఇంకొకటి. నాలాగా నచ్చిన వాక్యం కింద గీసినవి కావవి. సగం సంభాషణలో, ఏ ప్రత్యేకతా లేని చోట్ల ఉన్నాయి. పోనుపోను దగ్గరపడ్డాయి. పది పేజీలకొకటి, అయిదుకొకటి, తర్వాత పేజీకొకటి. ఒకచోట ఒకే పేరాలో రెండున్నాయి. కథ మీద ధ్యాస తప్పి పేజీలు తిప్పేశాను. ఆఖరి గీత 261వ పేజీలో, వాక్యం మధ్యలో. ఆ తర్వాత ఇంకో నలభై పేజీలున్నాయి. వాటి అంచులు నలగనే లేదు.

తలెత్తి చూస్తే ఆయన నా పుస్తకం మూసి పట్టుకుని ఉన్నారు.

"మధ్యలో మడిచిన కాగితం ఒకటుందమ్మా. నేను తెరవలేదు."

"పర్వాలేదండీ."

"ఒక మాట అడగనా? పైదాకా ఎక్కినవాళ్ల దగ్గర ఒక్క గీత లేదు. వెనక్కి తిరిగొచ్చిన వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఈ నార్టన్ దగ్గరైతే రెండేసి."

ఏం చెప్పాలో తోచలేదు. ఎడ్వర్డ్ నార్టన్ 1924 జూన్‌లో ఆక్సిజన్ సిలిండర్ లేకుండా దాదాపు 8,570 మీటర్ల దాకా వెళ్లాడు. శిఖరం ఇంకో మూడొందల మీటర్లు కూడా లేదు. తోడొచ్చిన సోమర్‌వెల్ గొంతు బాధతో కింద ఆగిపోతే కొంతదూరం ఒక్కడే వెళ్లి, ఇక వెళ్తే తిరిగి రావడం కుదరదని వెనుదిరిగాడు. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.

"కళ్లద్దాలు తీసేశాడట కదా. మంచు వెలుగుకి చూపు పోయిందట," అన్నారాయన. "తర్వాత వచ్చిందటలే. ఆ వాక్యం మళ్లీ చదివాను."

ఆ కాగితం నేనే తీసి విప్పాను. రీసెర్చ్ మానేస్తున్నానని యూనివర్సిటీకి రాసిన ఉత్తరం నకలు. అసలుది ఇచ్చేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు, రేపు చెప్పాలి. అదే టెన్షన్. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేనివన్నీ ఆయనకి వరసపెట్టి చెప్పేశాను. ఏళ్ల తరబడి ల్యాబ్‌లో కూర్చున్నా ఫలితం రాకపోవడం, నిద్రపట్టక పోవడం, "ఇంత దూరం వచ్చి ఇప్పుడా?" అని అందరూ అనడం.

ఆయన సలహా ఇవ్వలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలినే. "నార్టన్ ఎన్నాళ్లు బతికాడు?" అని మాత్రం అడిగారు.

"1954 దాకా."

"అంటే 1953లో ఎవరెస్ట్ ఎక్కారన్న కబురు ఆయన బతికుండగానే వచ్చిందన్నమాట." కాసేపు ఆ సంగతే ఆలోచిస్తూ ఉండిపోయారు.

నేను నవల చూపించి అడిగాను. "మరి ఈ గీతలు?"

"మా ఆవిడకి గ్లాకోమా. పక్కల నుంచి మొదలై చూపు మెల్లగా పోయింది. మంచి చదువరి తను. ఇంట్లో పుస్తకాలన్నీ తనవే, చిరిగితే కుట్టడం నా పని. చూపు పోయాక రాత్రిపూట నేను చదివి వినిపించేవాణ్ణి. తను నిద్రపోయిన చోట గీత పెట్టి ఆపేసేవాణ్ణి. మర్నాడు అక్కణ్ణించి. తర్వాత ఒంట్లో బాగోలేక తొందరగా నిద్రపోయేది." ఆగారు. "నాలుగేళ్లయింది. తనకి తెలియని కథ నేనొక్కణ్ణే తెలుసుకోవడానికి మనసొప్పలేదు."

దీపాలు వెలిగాయి. బోగీలో జనం దుప్పట్లు సర్దుకుంటున్నారు. నేను 261వ పేజీ తీసి పుస్తకం ఆయనకి ఇచ్చాను. "నేను అక్కడిదాకా ఇంకా రాలేదు, అయినా సరే. చదవండి, వింటాను."

చాలాసేపు పేజీ వంక చూశారు. కళ్లజోడు తుడుచుకున్నారు. సగంలో ఆగిన ఆ వాక్యాన్ని మొదట్నుంచీ అందుకున్నారు. మొదట గొంతు సరిగ్గా పెగల్లేదు. రెండో పేజీకల్లా పడవవాడికి ఒక గొంతు, రేవులో ముసలామెకి ఇంకో గొంతు వచ్చేశాయి. ఆవిడ కోసం చదివేటప్పుడు అలాగే చదివేవారు కాబోలు. పడవకి చిల్లుపడి నీళ్లు ఎక్కుతున్నాయి. నేను ముందుకి వంగి కూర్చున్నాను.

"తాతగారూ, కాస్త గట్టిగా చదవండి. వినపడట్లేదు." పై బెర్తులోంచి ఎవరో కుర్రాడు తల కిందికి వేలాడేసి చూస్తున్నాడు. చెవుల్లోంచి తీసిన ఇయర్‌ఫోన్లు గాల్లో ఊగుతున్నాయి. "ముందు కథేంటో చెప్పండి ప్లీజ్, ఈ అన్న ఎవరు?"

జరిగిన కథంతా చెప్పాల్సి వచ్చింది. నాకు తెలిసింది నేను, మిగతాది ఆయన. పెద్ద దీపాలు ఆర్పేశాక చిన్న దీపం కింద కొనసాగించారు. నాకు ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి తెల్లారుతోంది, నా స్టేషన్ వచ్చేస్తోంది. మార్జిన్‌లో కొత్త గీత ఉంది.

"నువ్వు నిద్రపోయావని ఆపేశాను," అన్నారు. ఇంకా తొమ్మిది పేజీలున్నాయి.

నా పుస్తకం తిరిగి ఇవ్వబోతే వద్దన్నాను. "మీరు పూర్తి చెయ్యండి. నాకు అందులో ఏముందో తెలుసు." ఉత్తరం మాత్రం తీసుకుని, నంబర్ ఆయన ఫోన్‌లో వేశాను. "ఆ అన్న దొరికాడో లేదో చెప్పాలి మీరు."

స్టేషన్ బయట అమ్మ ఎదురొచ్చింది. బ్యాగు తను లాక్కుని, మొహం చూసి, "ఏంటే, అలా ఉన్నావు?" అంది. ఇంటిదాకా ఆగుదామనుకున్నది అక్కడే, నిలబడిన చోటే చెప్పేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఉత్తరం తీసుకుని చదువుతుండగా ఫోన్ మోగింది.

"దొరికాడమ్మా!" రైలు చప్పుడుకి అరుస్తున్నారాయన. "మనిషి గుర్తుపట్టలేనంత మారిపోయాడు. గొంతు విని పట్టాడు తమ్ముడు!"

వెనకనుంచి కుర్రాడి గొంతు. "అక్కా, రేవు దగ్గరే చెప్పాను నేను వాడేనని! తాతగారు ఒప్పుకోలేదు!"