చర్చల నిర్వహణ: మాధవి

మాధవి మైకు పట్టుకుని 16 ఏళ్లు. మొదటి నాలుగేళ్లు రేడియోలో, శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమంలో గడిచాయి. అవతలి మనిషి తడబడుతుంటే మాట అందించకుండా ఓపిక పట్టడం అక్కడే అలవాటైందంటారు. ఆ తర్వాత వేదికల మీదికి వచ్చి ఇప్పటికి 200కు పైగా చర్చలు నడిపారు. వైద్యుల సదస్సులు, పాఠశాలల్లో తల్లిదండ్రుల సమావేశాలు, పుస్తక చర్చలు, కొత్త కంపెనీల పెట్టుబడి సమావేశాలు, ఒకటి రెండు అవార్డు ఫంక్షన్లు కూడా. అవార్డుల కంటే వాదనలే తనకు ఇష్టమని ఆవిడే ఒప్పుకుంటారు.

ఆసుపత్రుల్లో జరిగే పొరపాట్ల మీద ఒక చర్చ. వేదిక మీద నలుగురు సీనియర్ డాక్టర్లు. పావుగంట గడిచాక వెనక వరుస నుంచి ఒక చీటీ వచ్చింది: "రాత్రి డ్యూటీలో అనుమానం వచ్చి ఫోన్ చేస్తే విసుక్కుంటారు. ఎప్పుడు చేయాలో మీరే చెప్పండి." పేరు లేదు. మాధవి అది చదివి, తాను రాసుకొచ్చిన ప్రశ్నల కాగితం మడిచి పక్కన పెట్టేశారు. మిగిలిన 25 నిమిషాలూ ఆ చీటీ మీదే నడిచాయి. చివరికి ఒక డాక్టర్, "నేనూ విసుక్కున్నాను" అన్నారు.

చర్చకు రెండు రోజుల ముందు ప్రతి వక్తకూ ఆవిడ విడిగా ఫోన్ చేస్తారు. ఏం చెప్పబోతున్నారని కాదు, పక్కన కూర్చునేవాళ్లతో ఎక్కడ పేచీ వస్తుందని అడుగుతారు. సమయం మించితే గంట కొట్టరు, చీటీ పంపరు. వక్త వైపు తిరిగి నవ్వుతారు. మా నిర్వాహకుల్లో ఇద్దరు ఆ నవ్వు రుచి చూసినవాళ్లే, ఇద్దరూ వెంటనే ముగించారు.

వేదిక, కుర్చీల వరుసలు లేని పద్ధతుల్లోనూ ఆవిడకు మంచి అనుభవం ఉంది. ముఖ్యంగా ఫిష్‌బౌల్: మధ్యలో నలుగురైదుగురు మాట్లాడుకుంటారు, ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, చుట్టూ ఉన్నవాళ్లలో ఎవరికి చెప్పాలనిపిస్తే వాళ్లు వచ్చి అందులో కూర్చోవచ్చు. అప్పుడు లోపలి వాళ్లలో ఒకరు లేచి చోటిస్తారు. తలుపులు మూసి జరిపే సమావేశాలకు 1927 నాటి చాటమ్ హౌస్ నియమం పాటిస్తారు. అక్కడ విన్న విషయం బయట వాడుకోవచ్చు, ఎవరన్నారో మాత్రం బయటపెట్టకూడదు. ఆన్‌లైన్, హైబ్రిడ్ కార్యక్రమాల్లో తెర మీద ఉన్నవాళ్లకే మొదటి ప్రశ్న ఇస్తారు, లేకపోతే హాల్లో ఉన్నవాళ్లు వాళ్లను మరిచిపోతారని.

తెలుగు, ఇంగ్లిష్, హిందీల్లో చర్చలు నడుపుతారు. ప్రశ్న ఏ భాషలో వస్తే జవాబు ఆ భాషలో ఇప్పించే ప్రయత్నం చేస్తారు.

ఈ సదస్సులో ఉదయం ప్రారంభ చర్చ, మధ్యాహ్నం ఫిష్‌బౌల్ మాధవి నిర్వహిస్తారు. ప్రశ్నల చీటీలు, పెన్నులు హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఉంటాయి. పేరు రాయనక్కర్లేదు.