బ్లాక్ ప్రింట్ కుర్తా కొన్నవాళ్లు మొదటిసారి ఉతికే ముందు ఇది చదవండి

నమస్తే అందరికీ. పోయిన ఆదివారం నుంచి ఇప్పటిదాకా నా ఫోన్‌కి పదకొండు బకెట్ ఫొటోలు వచ్చాయి, అన్నిట్లోనూ నీలం నీళ్లే. "అక్కా, రంగు మొత్తం పోతోంది" అని ఒకరు, "పదమూడు వందలు పెట్టి కొన్నా, ఇదేంది" అని ఇంకొకరు, ఒకామె అయితే మాటలేమీ లేకుండా మూడు ప్రశ్నార్థకాలు పెట్టి ఊరుకుంది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి చెప్పి గొంతు పోయింది, అందుకే రాస్తున్నా. ఇక మీదట ప్రతి కుర్తా కవర్‌లో ఈ కాగితం ఉంటుంది, ఇప్పటికే కొన్నవాళ్లకు వాట్సాప్‌లో పంపుతున్నా. కొంచెం పెద్దగానే ఉంది, ఓపిక చేసుకుని చదవండి.

ముందుగా ఒక మాట. రంగు దిగడం వేరు, రంగు వెలవడం వేరు. మొదటి రెండు మూడు ఉతుకుల్లో బకెట్‌లో కనిపించేది దారానికి పట్టకుండా పైన మిగిలిన రంగు. అది పోవాల్సిందే, పోకపోతే మీ తెల్ల లెగ్గింగ్ మీదికి, హ్యాండ్‌బ్యాగ్ మీదికి, సోఫా కవర్ మీదికి వస్తుంది. వెలవడం అంటే అసలు బట్టలో ఉన్న రంగే పలచబడడం. అది ఎండతో, బ్రష్‌తో, ఘాటు సబ్బుతో, ఏండ్ల తరబడి వాడకంతో జరుగుతుంది. మొదటిది చూసి రెండోది అనుకుని భయపడుతున్నారు చాలామంది.

నా దగ్గర ఉన్నవి మూడు రకాలు, మూడింటికీ ఒకే వైద్యం పనికిరాదు. మీది ఏదో తెలియకపోతే కుర్తా ఫొటో పంపండి, చెప్తా.

నీలం మీద తెల్ల డిజైన్ ఉన్నవి రాజస్థాన్‌లో జైపూర్ దగ్గరి బగ్రూ నుంచి వచ్చినవి. వాటిని దాబూ అంటారు. మట్టి, సున్నం, బంక కలిపిన ముద్దని చెక్క అచ్చుతో బట్ట మీద అద్ది, దాన్ని నీలిమందు తొట్టిలో ముంచుతారు. మట్టి ఉన్నచోట రంగు ఎక్కదు, అదే తెల్ల డిజైన్ అవుతుంది. నీలిమందుకి ఒక గుణం ఉంది. మామూలుగా అది నీళ్లలో కరగదు, తొట్టిలో మాత్రమే కరిగే రూపంలో ఉంటుంది. అందుకే బట్ట తొట్టిలోంచి బయటికి తీసినప్పుడు పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలాక మెల్లగా నీలం అవుతుంది. ఎన్నిసార్లు ముంచితే అంత ముదురు రంగు. కానీ ఆ రంగు దారం లోపలికంటా దిగకుండా ఎక్కువగా పైపైనే కూర్చుంటుంది, కాబట్టి రుద్దితే వస్తుంది. జీన్స్ మోకాళ్ల దగ్గర తెల్లబడేది కూడా ఇదే కారణంగా. జీన్స్ వెలిస్తే ఫ్యాషన్ అంటారు, నా కుర్తా వెలిస్తే మాత్రం ఫోన్ చేస్తారు, సరే కానీయండి.

ఎరుపు, నలుపు, ఆవపిండి రంగు ఉన్నవి కృష్ణా జిల్లా పెడన కలంకారీ. ఆ బట్టని ముందు కరక్కాయ కషాయంలో, పాలలో నానబెట్టి ఆరేస్తారు. నలుపు కోసం ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి ఆ నీళ్లతో అద్దుతారు. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, తర్వాత రంగునిచ్చే వేర్లు, ఆకులు వేసి బట్టని ఉడకబెడతారు. మధ్యలో ఎన్నోసార్లు కాలువ నీళ్లలో ఉతుకుతారు. అందుకే ఇవి మీ ఇంట్లో తక్కువ రంగు దిగుతాయి, తక్కువ కుంచించుకుంటాయి. కానీ పులుపు అంటే వీటికి పడదు. నలుపు మీద నిమ్మరసం చుక్క పడితే అక్కడ గోధుమరంగు మచ్చ మిగులుతుంది, వెంటనే మంచినీళ్లతో అద్దేయండి.

మూడో రకం పిగ్మెంట్ ప్రింట్, తొమ్మిది వందల లోపు ఉన్నవన్నీ దాదాపు ఇవే. చేత్తోనే అద్దుతారు కానీ రంగు బంకలాంటి దాంతో బట్ట మీద అంటుకుని ఉంటుంది. ముట్టుకుంటే ప్రింట్ కాస్త మందంగా తగులుతుంది. వీటికి రంగు కారదు, గీకితే రాలుతుంది. బ్రష్ వేశారా, అయిపోయింది.

ఇప్పుడు మొదటి ఉతుకు. దాబూ కుర్తా అయితే విడిగా, ఒక్కదాన్నే, తిరగేసి, చల్లటి నీళ్లలో. సబ్బు అవసరం లేదు మొదటిసారి. బకెట్‌లో ముంచి, అయిదు నిమిషాలు చేత్తో అటూఇటూ ఆడించి, నీళ్లు పారబోసి మళ్లీ కొత్త నీళ్లు. ఇలా మూడు నాలుగుసార్లు, నీళ్లు లేత నీలానికి వచ్చేదాకా. తేరుకున్న నీళ్లు కావాలని చూడకండి, రెండో మూడో ఉతుకులో కూడా కొంచెం వస్తుంది. కొత్త దాబూకి మట్టి వాసన, నీలి తొట్టి వాసన కూడా ఉంటుంది, అదీ దీంతోనే పోతుంది.

ఇక్కడే అందరూ చేసే పెద్ద తప్పు: రాత్రి నానబెట్టి పొద్దున ఉతకడం. దయచేసి వద్దు. వదిలిన రంగు అదే నీళ్లలో తిరుగుతూ తెల్ల డిజైన్ మీద కూర్చుంటుంది. ఇంకోటి, ఉతికి పిండి బకెట్‌లోనే ముద్దగా వదిలేసి వంట పనిలో పడడం. నా మొదటి బ్యాచ్‌లో నేను సరిగ్గా ఇదే చేశా. శాంపిల్ కుర్తా పిండి పెట్టా, చుట్టాలొచ్చారు, రెండు గంటల తర్వాత చూస్తే తెల్ల పువ్వులన్నీ నీలిరంగు పట్టి మురికిగా అయ్యాయి. అదే బకెట్‌లో మా ఆయన తెల్ల లుంగీ కూడా ఉంది, ఆయన ఇప్పటికీ దాన్ని ఇంట్లో కట్టుకుని తిరుగుతూ వచ్చినవాళ్లందరికీ నా వ్యాపారం గురించి చెప్తుంటాడు.

ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందా అని అందరూ అడుగుతారు, మా అత్తమ్మ కూడా వేయమనే చెప్పింది. అద్దకం పూర్తయిన బట్టకి ఇంట్లో గుప్పెడు ఉప్పు వేస్తే కొత్తగా రంగు పట్టదు, పట్టాల్సింది అద్దేచోటే పట్టాలి. నష్టం లేదు, తృప్తి కోసం వేసుకుంటే వేసుకోండి. వెనిగర్, నిమ్మకాయ మాత్రం వేయకండి, కలంకారీకి అసలే వద్దు.

రెండో ఉతుకు నుంచి సబ్బు వాడొచ్చు. అన్నిటికంటే మంచిది కుంకుడు రసం, కానీ వడగట్టి పోయండి, పిప్పి ఉండిపోతే మరకలు పడతాయి. అంత తీరిక లేదంటే ఊలు బట్టలకు వాడే లిక్విడ్ కొంచెం, లేదా తల స్నానం చేసే షాంపూ ఒక మూత. తెల్లదనం కోసం మామూలు పౌడర్లలో కలిపేవి, బట్టల సోడా, బ్లీచింగ్, ఇవేవీ వద్దు.

మన నీళ్ల సంగతి కూడా చెప్పాలి. నల్గొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది అందరికీ, బట్టలకు తిప్పలు పెట్టేది మాత్రం అది కాదు, బోరు నీళ్ల ఉప్పదనం. సబ్బు నురగ రాదు, నురగ రాలేదని ఇంకొంచెం వేస్తాం, ఆ సబ్బు తెట్టులా బట్ట మీద మిగిలి ఆరాక బూడిద పూసినట్టు కనిపిస్తుంది. రంగు వెలిసిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో కొన్ని ఇలాంటివే, మంచి నీళ్లలో రెండుసార్లు జాడిస్తే మళ్లీ తేటగా అయ్యాయి. కాబట్టి ఈ కుర్తాల వరకైనా భగీరథ నల్లా నీళ్లు పట్టిపెట్టుకోండి. బ్లీచింగ్ వాసన ఘాటుగా ఉంటే రాత్రి మూత తీసి ఉంచి తెల్లారి వాడండి. మీ బోరులో ఎర్రటి తుప్పు నీళ్లు వస్తాయా, అయితే కలంకారీని అందులో ముంచకండి. కరక్కాయ పట్టిన బట్టకి ఇనుము తగిలితే నల్ల మచ్చ పడుతుంది, వాళ్లు నలుపు తయారుచేసేదే అలా కదా. తుప్పుపట్టిన తీగ దండెం మీద ఆరేసినా అంతే, పిన్నీసు పెట్టి వదిలేసినా అంతే. ప్లాస్టిక్ తాడు కట్టుకోండి.

ఆరేయడం నీడలో, తిరగేసి. మన దగ్గర ఏప్రిల్, మే ఎండలకు డాబా మీద గంటలో ఆరిపోతుంది నిజమే, సాయంత్రం దాకా మరిచిపోతే ఒక వైపు ఒక రంగు, ఇంకో వైపు ఇంకో రంగు. భుజాల మీద చార వచ్చిందని ఒకామె తెచ్చింది, చూస్తే దండెం మీద మడత పడ్డచోట సరిగ్గా అడ్డంగా వెలిసింది. దానికి నేనేం చేయలేను.

మెషీన్‌లో వేయొచ్చా అంటే, మొదటి మూడు ఉతుకులూ వద్దు. తర్వాత జాలీ సంచిలో పెట్టి, చల్లటి నీళ్లు, డెలికేట్, డ్రయర్ లేకుండా. జీన్స్‌తో కలపొద్దు. ఇస్త్రీ తిరగేసి చేయండి, పిగ్మెంట్ ప్రింట్ మీద నేరుగా వేడి పెట్టె పెడితే అంటుకుంటుంది. గంజి పలచగా పెట్టుకోవచ్చు. సెంటు, డియోడరెంట్ బట్ట మీద కొట్టుకోకండి, చంకల దగ్గర రంగు మొదట పోయేది చెమట, సెంటు కలిసినచోటే.

కుట్టు సంగతి. కాటన్ కదా, కుంచించుకుంటుంది. 46 అంగుళాల పొడవుది ఒకటి ఒకటిన్నర అంగుళం తగ్గొచ్చు, పిగ్మెంట్ వాటికి ఎక్కువ. అందుకే అన్నీ కొంచెం పొడవుగా కుట్టించాను, పక్కల్లో మార్జిన్ వదిలాం. ఒకసారి ఉతికాకే టైలర్ దగ్గరికి వెళ్లండి, ముందే టైట్ చేయించుకుని తర్వాత ఊపిరాడట్లేదంటే ఏం చెప్పను.

అచ్చు ఒకచోట కాస్త పక్కకి జరగడం, ఒక పువ్వు ముదురు ఒకటి లేత, అది చేతిపని, దానికి మార్చను. వేసుకునేముందు లోపలి కుట్టు దగ్గర తడి తెల్ల రుమాలుతో రుద్ది చూడండి. రంగు బాగా అంటితే ఇంకొకసారి జాడించండి, అప్పటిదాకా తెల్ల చున్నీ, లేత రంగు బ్యాగ్ వద్దు.

ఇక నా బాధ్యత. పైన చెప్పినట్టు ఉతికినా తెల్ల డిజైన్ నీలం అయిపోయినా, కలంకారీ ఎరుపు నలుపులో కలిసిపోయినా, రెండు ఉతుకులకే రంగు సగం పలచబడినా తీసుకురండి, మార్చి ఇస్తా, లేదా డబ్బులు ఇస్తా, వాదన పెట్టను. అద్దకంలో తప్పు జరిగే పీసులు అప్పుడప్పుడూ వస్తాయి, అది నాకు తెలుసు. నానబెట్టినవి, బ్లీచ్ పడ్డవి, ఎండకి చార పడ్డవి మాత్రం నావి కావు. ఏది ఏదో బట్ట చూస్తే తెలిసిపోతుంది, కాబట్టి నిజమే చెప్పండి, నేను కోప్పడను.

నీలం మచ్చ అంటుకున్న తెల్ల బట్ట ఏదైనా ఉంటే ఆరనివ్వకముందే సబ్బు పెట్టి ఉతకండి, ఆరాక కష్టం. పాడైన కుర్తా నాకు చూపించాలంటే మంగళవారం నుంచి శనివారం దాకా, పదకొండు తర్వాత రండి, సోమవారం షాపు బంద్. తడి కుర్తా క్యారీబ్యాగ్‌లో కుక్కి మాత్రం తేకండి, వచ్చేలోపు మిగిలిన డిజైన్ కూడా పోతుంది.