మూడో తరగతి బాబుకి ప్రవర్తన సహాయ ప్రణాళిక

ఇది బాబుతో రోజూ పని ఉండే అందరికీ: సబ్జెక్ట్ టీచర్లు, పీటీ సార్, ఆయమ్మ, ఇంట్లో అమ్మ, నానమ్మ. సోమవారం నుంచి మొదలుపెడుతున్నాం. అందరం ఒకేలా చేస్తేనే పనిచేస్తుంది, కాబట్టి దయచేసి పూర్తిగా చదవండి.

రికార్డులో ఏం కనబడింది

రెండు వారాలు గొడవ జరిగిన ప్రతిసారీ ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మనమేం చేశాం అని మూడు గడుల్లో రాసుకున్నాం. మొత్తం 11 సార్లు. అందులో 7 బోర్డు మీద ఉన్నది నోట్సులో ఎక్కించుకునేటప్పుడు, 3 గేమ్స్ పీరియడ్ అయిపోయి క్లాసులోకి వచ్చిన వెంటనే, ఒకటి లంచ్‌లో పక్కవాడు వాటర్ బాటిల్ లాక్కున్నందుకు. డ్రాయింగ్‌లో ఒక్కసారీ లేదు. ఈవీఎస్‌లో నోటితో జవాబులు చెప్పించేటప్పుడైతే అందరికంటే ముందు చెయ్యెత్తేది వీడే.

గొడవకి ముందు ఒకటి రెండు నిమిషాలు గుర్తులు కనిపిస్తాయి. చొక్కా కాలర్ నోట్లో పెట్టుకుంటాడు, పెన్సిల్ మొనతో బెంచీని గీకుతాడు, పిలిస్తే పలకడు. ఆ తర్వాతే పుస్తకం విసరడం, బెంచీ తన్నడం, అరుపులు. మనం చేయాల్సిందంతా ఆ రెండు నిమిషాల్లోనే ఉంది.

నన్ను బాగా ఆలోచింపజేసింది మూడో గడి. దాదాపు ప్రతిసారీ వాణ్ని వరండాలోకి పంపించాం, అంటే రాసే పని తప్పిపోయింది. పుస్తకం విసిరితే రాయక్కర్లేదని వాడికి మనమే నేర్పుతున్నట్టయింది. కాబట్టి ఇది పొగరు కాదు, అందరూ తనని చూడాలని చేసేదీ కాదు. రాయడం కష్టంగా ఉంది, ఆ మాట నోటితో చెప్పడం రావట్లేదు.

క్లాసులో మార్చేవి

సీటు ముందు బెంచీకి, కిటికీకి దూరంగా. బోర్డు చూసి పది లైన్లు రాయమనొద్దు, ఆ పాఠం కాగితం మీద రాసి పక్కన పెట్టి నాలుగు లైన్లు రాయించండి, మిగతాది నోటితో చెప్పించండి. పని మారే ముందు చెప్పండి: "ఇంకో ఐదు నిమిషాల్లో నోట్సు తీస్తాం." పీటీ సార్, గేమ్స్ ఆఖరి ఐదు నిమిషాలు వాడితో బంతులు, వికెట్లు సర్దించండి. పరుగు నుంచి నేరుగా బెంచీకి రావడమే వాడికి కష్టంగా ఉంటోంది.

వాడి దగ్గర పసుపు కార్డు ఒకటి ఉంటుంది. అది బెంచీ మీద పెడితే మూడు నిమిషాలు విరామం, కుండ దగ్గర నీళ్లు తాగి రావచ్చు, లేదా వెనక చాప మీద కూర్చోవచ్చు. ఎందుకని అడగకండి, ఎన్నిసార్లు పెట్టినా మొదటి రెండు వారాలు కాదనకండి. తిరిగొచ్చాక మాత్రం ఒక్క లైనైనా రాయాలి, లేకపోతే ఇదీ వరండా లాగే అయిపోతుంది. కాలర్ నోట్లోకి వెళ్లడం చూస్తే మాట్లాడకుండా కార్డు వైపు వేలు చూపించండి. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు రోజూ ఉదయం ప్రేయర్ తర్వాత ఒకసారి నేనే ప్రాక్టీస్ చేయిస్తాను.

మెచ్చుకునేటప్పుడు ఉత్త "గుడ్ బాయ్" సరిపోదు. "కోపం వచ్చినా కార్డు పెట్టావు, భలే చేశావు" అని అప్పటికప్పుడే చెప్పండి. కార్డు పెట్టినందుకు ఒక స్టార్, నాలుగు లైన్లు పూర్తిచేస్తే ఇంకొకటి. మూడు స్టార్లకి మొక్కలకి నీళ్లు పోసే డ్యూటీ, అది వాడే కోరుకున్నాడు. సంపాదించిన స్టార్ ఏ కారణంతోనూ వెనక్కి తీసుకోవద్దు.

గొడవ జరిగితే

ఒక్కరే మాట్లాడాలి, అదీ నెమ్మదిగా, రెండు మూడు మాటల్లో. మిగతా పిల్లల్ని ఆయమ్మ పక్కకి తీసుకెళ్లాలి. ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే తప్ప వాణ్ని పట్టుకోవద్దు. "ఎందుకు చేశావురా" అని అప్పుడు అడిగితే మంట మీద నూనె పోసినట్టే. పూర్తిగా చల్లబడ్డాక విసిరినవి వాడితో కలిసి ఏరండి, మిగిలిన పనిలో ఒక్క లైను రాయించండి.

కొట్టడం, మోకాళ్ల మీద నిలబెట్టడం, నలుగురిలో తిట్టడం ఉండవు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ వీటిని నిషేధించింది. చట్టం లేకపోయినా నేను ఒప్పుకోను, దెబ్బలతో రాయడం రాదు.

ఇంట్లో

అమ్మా, నాన్నగారు క్యాబ్ డ్యూటీ నుంచి వచ్చేదాకా బాబు మేలుకుంటున్నాడని చెప్పారు కదా, వీలైనంతవరకు తొమ్మిదిన్నరకి పడుకోబెట్టండి. స్కూల్లో జరిగినదానికి ఇంట్లో మళ్లీ తిట్టొద్దు, నానమ్మగారికీ ఈ మాట చెప్పండి. ఈ వారంలోనే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో చూపించండి. బోర్డు సరిగ్గా కనబడకపోవడం కూడా కారణం కావచ్చు, అది ముందు తేలాలి.

మొదటి వారం గొడవలు పెరగవచ్చు, ఎందుకంటే పాత దారి నిజంగా మూసుకుపోయిందా అని వాడు గట్టిగా పరీక్షిస్తాడు. కంగారుపడి ప్లాన్ ఆపొద్దు. అదే మూడు గడుల రికార్డు రాస్తూ ఉండండి. నాలుగు వారాల తర్వాత కూర్చుందాం: గొడవలు వారానికి రెండుకి మించకుండా ఉండాలి, కోపం వచ్చినవాటిలో సగంసార్లైనా కార్డు వాడాలి. అక్కడిదాకా రాకపోతే, కంటి రిపోర్టు కూడా బాగానే ఉంటే, రాయడం ఎందుకు ఇంత కష్టమవుతోందో సైకాలజిస్టుతో పరీక్ష చేయిద్దాం. అపాయింట్‌మెంట్ సంగతి నేను చూసుకుంటాను.